జూన్‌లో మధ్యాహ్నం నీడ ఎటు పడుతుందో మీకు తెలుసా?

బడిలో సైన్స్ క్లబ్ బోర్డు ఉందంటే దానిపైన పెద్ద అక్షరాలతో ‘మీకు తెలుసా?’ అని ఉండి తీరుతుంది. దాని కింద రంగు కాగితం మీద ఒక్క ముక్క: ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయి. మరుసటి వారం ఇంకో ముక్క: మెరుపు సూర్యుడికంటే అయిదు రెట్లు వేడిగా ఉంటుంది. పిల్లలు ప్రార్థనకు వరుస కడుతూ ఒకసారి చదివి, అబ్బో అనుకుని వెళ్లిపోతారు. కాగితం మారుతుంది. పాతది ఎవరికీ గుర్తుండదు.

ఆ మెరుపు ముక్కనే కాస్త ఆగి చూడండి. మెరుపు మెరిసిన దారిలో గాలి సుమారు 30,000 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలం వేడి దాదాపు 5,500 డిగ్రీలు. ఆ లెక్కన అయిదు రెట్లు నిజమే. కానీ సూర్యుడి నడిమధ్యన ఉన్న వేడి కోటిన్నర డిగ్రీలు. ‘ఉపరితలం’ అన్న మాట ఉంటే వాక్యం నిజం, ఊడిపోతే అబద్ధం. చేతులు మారే కొద్దీ ముందుగా ఊడిపోయేవి ఇలాంటి మాటలే. ఎక్కడ, ఎప్పుడు, ఏ భాగంలో అన్నవి రాస్తే వాక్యం పొడుగవుతుంది, ‘అబ్బో’ తగ్గుతుంది. అందుకని రాసేవాళ్లు మొదట వాటినే తీసేస్తారు.

రెండో చిక్కు ఇంతకంటే పెద్దది. ఇలాంటి వాటిలో ఒక్కదాన్నీ ఆ పిల్లలు సొంతంగా సరిచూసుకోలేరు. మెరుపు వేడిని ఎవరు కొలుస్తారు? ఆక్టోపస్‌ను ఎక్కడినుంచి తెస్తారు? చదివి నమ్మడం, లేకపోతే నమ్మకపోవడం తప్ప చేయగలిగింది లేదు. బడి ఆవరణలోనే తేల్చుకోగలిగిన విషయం ఒకటి తీసుకుని, దాన్నే ఆరేడు వారాల పాటు ఒక్కొక్క కార్డుగా నడిపిస్తే ఎలా ఉంటుందో ఇక్కడ చూద్దాం. అందుకు నేను ఎంచుకున్నది నీడ. ఖర్చు లేదు, పైగా మన తెలుగు నేల దీనికి సరిగ్గా సరిపోయిన చోట ఉంది.

నడినెత్తిన సూర్యుడు

మొదటి కార్డు మీద ఇలా రాయవచ్చు: “మధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుడు నడినెత్తిన ఉంటాడని అందరూ అంటారు. హైదరాబాద్‌లో అలా ఉండేది ఏడాదికి రెండు రోజులే. అదీ పన్నెండింటికి కాదు.”

భూమి తన ఇరుసు మీద 23.4 డిగ్రీలు వాలి తిరుగుతుంది. ఆ వాలు వల్ల సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉండే చోటు ఏడాది పొడుగునా ఉత్తరానికీ దక్షిణానికీ కదులుతూ ఉంటుంది. మార్చి 20, 21 తేదీల్లో అది భూమధ్యరేఖ మీద ఉంటుంది. అక్కడినుంచి రోజుకు కొంచెం చొప్పున పైకి జరిగి జూన్ 21కి కర్కటరేఖను చేరి, మళ్లీ వెనక్కి మళ్లుతుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ కర్కటరేఖకు దక్షిణానే ఉన్నాయి కాబట్టి సూర్యుడు పైకి వెళ్తూ ఒకసారి, కిందికి వస్తూ ఒకసారి మన ప్రతి ఊరినీ దాటాలి. దాటే రోజున మిట్టమధ్యాహ్నం నిలువుగా పాతిన కర్రకు పక్కన నీడ కనబడదు. నీడ మాయమవదు, కర్ర మొదట్లోనే పడిపోతుంది. స్టూలు వేస్తే దాని నీడ దాని కిందే ఉంటుంది. దీన్నే శూన్యఛాయా దినం అంటున్నారు.

కర్కటరేఖకు పైన ఉన్న ఢిల్లీ వాళ్లకు ఈ రోజు ఎప్పటికీ రాదు. డాలస్‌లో ఉన్న మన వాళ్లకూ రాదు. సింగపూర్‌లో ఉన్నవాళ్లకు మార్చిలోనూ సెప్టెంబరులోనూ వస్తుంది.

మనకు దక్షిణాన ఉన్న ఊళ్లను సూర్యుడు ముందు దాటుతాడు. తిరుపతిని ఏప్రిల్ 26 ప్రాంతంలో, విజయవాడను మే 6 ప్రాంతంలో, హైదరాబాద్‌ను మే 9న, ఆదిలాబాద్‌ను మే 18, 19 తేదీల్లో. తిరుగు ప్రయాణంలో వరుస తలకిందులవుతుంది: ఆదిలాబాద్‌కు జూలై 25 దగ్గర, హైదరాబాద్‌కు ఆగస్టు 3, తిరుపతికి ఆగస్టు 16 దగ్గర. ఏడాదిని బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది.

ఇక్కడే బోర్డుల మీద ఎక్కువగా కనిపించే పొరపాటు ఒకటి ఉంది. ఏటా ఏప్రిల్ చివర్లో బెంగళూరు, చెన్నై వార్తలు చుట్టుముడతాయి: ఏప్రిల్ 24న నీడ ఉండదు అని. ఆ రెండు నగరాలూ 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాయి కాబట్టి అక్కడికి అది నిజమే. ఊరి పేరు ఊడిపోయి తేదీ ఒక్కటే హైదరాబాద్ దాకా వస్తుంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల దగ్గర ఉంది. ఏప్రిల్ 24న ఇక్కడ మీటరు కర్రకు మిట్టమధ్యాహ్నం దాదాపు 8 సెంటీమీటర్ల నీడ ఉత్తరంవైపు పడుతుంది. వార్త నమ్మి ఎండలో నిలబడిన పిల్లవాడికి తన నీడ తనకు స్పష్టంగా కనబడుతుంది. ‘అంతా ఉత్తిదే’ అనుకుని లోపలికి పోతాడు. వాడిని తప్పు పట్టడానికి లేదు.

ఎవరో చెప్పిన తేదీ నిజమో కాదో పట్టుకోవడానికి చిన్న ఉపాయం ఉంది. సూర్యుడు జూన్ 21న వెనక్కి మళ్లుతాడు కదా, ఒక ఊరిని వెళ్తూ దాటిన రోజుకూ వస్తూ దాటిన రోజుకూ సరిగ్గా నడుమ జూన్ 21 ఉండాలి. మే 9 నుంచి జూన్ 21 దాకా 43 రోజులు. జూన్ 21 నుంచి ఆగస్టు 3 దాకా లెక్కపెట్టండి, 43 రోజులే. ఎవరైనా హైదరాబాద్‌కు మే 9, ఆగస్టు 18 అని రాశారంటే రెండు ఊళ్ల తేదీలు కలిసిపోయాయన్నమాట.

సైన్ పట్టిక చేతిలో ఉన్న పదో తరగతి పిల్లలు తేదీని సొంతంగానే తీయగలరు. ఊరి అక్షాంశాన్ని 23.44తో భాగించాలి. హైదరాబాద్‌కు 17.39ని 23.44తో భాగిస్తే 0.742. ఏ కోణానికి సైన్ విలువ అంత ఉంటుందో చూస్తే 47.9 డిగ్రీలు. సూర్యుడి ఏడాది ప్రయాణం 365 రోజుల్లో 360 డిగ్రీలు, అంటే రోజుకు ఒక డిగ్రీకంటే పిసరు తక్కువ. కాబట్టి 47.9 డిగ్రీలకు 48, 49 రోజులు పడతాయి. మార్చి 21 నుంచి 49 రోజులు లెక్కపెడితే మే 9. రెండో తేదీకి 180లోంచి 47.9 తీసేసి అలాగే చేస్తే ఆగస్టు 3 దగ్గరికి వస్తాం. భూమి సూర్యుడి చుట్టూ తిరిగేది నిఖార్సయిన వృత్తంలో కాదు కాబట్టి ఈ లెక్కలో ఒకటి రెండు రోజుల తేడా ఉండవచ్చు. బోర్డు మీదికి అది చాలు.

పన్నెండింటికి ఎందుకు కాదు?

మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తాయి. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. దానికి పడమరగా ఒక్కో డిగ్రీ జరిగే కొద్దీ సూర్యుడు నాలుగు నిమిషాలు ఆలస్యంగా నడిమింటికి వస్తాడు. హైదరాబాద్ నాలుగు డిగ్రీలు పడమర, అంటే 16 నిమిషాల ఆలస్యం. దీనికి తోడు సూర్యుడికి సొంతంగా కొంత తొందరా కొంత బద్ధకమూ ఉన్నాయి. భూమి ఇరుసు వాలినందువల్లా, కక్ష్య కోలగా ఉన్నందువల్లా గడియారం కంటే కొన్నాళ్లు ముందు, కొన్నాళ్లు వెనక నడుస్తాడు. మే రెండో వారంలో మూడున్నర నిమిషాలు ముందు, ఆగస్టు మొదట్లో ఆరు నిమిషాలు వెనక. రెండూ కలిపితే హైదరాబాద్‌లో మే 9న అసలైన మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు, ఆగస్టు 3న 12 గంటల 22 నిమిషాలకు వస్తుంది. విశాఖపట్నం ఆ రేఖకు తూర్పున ఉంది. అక్కడ మే 10, 11 తేదీల్లో పన్నెండు కొట్టకముందే, 11 గంటల 53 నిమిషాలకే, సూర్యుడు నెత్తిమీదికి వచ్చేస్తాడు.

ఈ నిమిషాలు చాదస్తం కాదు. మే 9న హైదరాబాద్‌లో గడియారం చూసుకుని సరిగ్గా పన్నెండింటికి కొలిస్తే మీటరు కర్రకు 5 సెంటీమీటర్ల నీడ పడమరకు కనబడుతుంది. పన్నెండు నిమిషాలు ఓపిక పడితే అది లోపలికి ముడుచుకుంటుంది. ఆ కాసేపూ ఆగకుండా పిల్లల్ని క్లాసులోకి పంపేస్తే ప్రయోగం పాడైనట్టే.

రోజు విషయంలో మాత్రం ఇంత పట్టుదల అవసరం లేదు, ఈ సంగతి వార్తల్లో రాదు. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. అందుకని ఏ నీడకూ అంచు కత్తితో కోసినట్టు ఉండదు. కర్ర చివర కింద తెల్ల కాగితం పెట్టి దగ్గరగా చూడండి: నల్లటి నీడ, తర్వాత బూడిదరంగు, ఆ తర్వాత ఎక్కడ ముగిసిందో చెప్పలేనంత పలచన. మీటరు ఎత్తునుంచి పడే నీడకు ఈ మసక అంచు 9 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. శూన్యఛాయా దినానికి ఒక రోజు ముందో వెనకో కొలిస్తే రావలసిన నీడ దాదాపు 5 మిల్లీమీటర్లు. అది ఆ మసకలోనే కలిసిపోతుంది. కాబట్టి ఆ ఒక్క రోజు తప్పిపోతే అయిపోయిందని బెంగపడనక్కర్లేదు. ముందూ వెనకా రోజులూ దాదాపు అలాగే ఉంటాయి.

సెలవులు, మబ్బులు

ఇంత చెప్పాక అసలు చిక్కు ఒప్పుకోవాలి. శూన్యఛాయా దినం మన బడులకు కలిసిరాదు. తెలుగు రాష్ట్రాల్లో బడులు సాధారణంగా ఏప్రిల్ చివరి వారంలో మూసి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. మొదటి తేదీ ఎండాకాలం సెలవుల్లో కొట్టుకుపోతుంది. రెండోది జూలై చివర్లోనో ఆగస్టులోనో వస్తుంది, అప్పుడు వానాకాలం మబ్బు. పిల్లలు కర్ర పట్టుకుని నిలబడితే సూర్యుడు కనబడడు.

అందుకే నన్నడిగితే బోర్డు మీద అసలు ‘మీకు తెలుసా?’ శూన్యఛాయ కాదు, దాని పక్కనే నిలబడి ఎవరి కంటా పడని ఇంకో విషయం. మే 9 తర్వాత సూర్యుడు హైదరాబాద్‌ను దాటి ఉత్తరానికి వెళ్లిపోయాడు కదా. అక్కడినుంచి ఆగస్టు 3 దాకా మధ్యాహ్నం నీడ ఎటు పడుతుంది? దక్షిణానికి. భారతదేశంలో మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుందని చాలామంది పెద్దవాళ్లూ అనుకుంటారు. ఎనభై అయిదు రోజుల పాటు అది తప్పు. తిరుపతిలో నూట పది రోజులకు పైగా తప్పు. ఢిల్లీలో మాత్రం ఏడాది పొడుగునా ఒప్పు.

ఇది ఒక్క రోజు ముచ్చట కాదు. బడి తెరిచిన వారంనుంచే మొదలుపెట్టవచ్చు, మబ్బు పడితే మర్నాడు చూడవచ్చు. జూన్ 21న హైదరాబాద్‌లో మీటరు కర్ర నీడ 12 గంటల 18 నిమిషాలకు దక్షిణంగా 10.6 సెంటీమీటర్లు ఉంటుంది. జూలై 10కి అది ఎనిమిదిన్నరకు తగ్గుతుంది. జూలై 25కి నాలుగు. ఆగస్టు 3కి సున్నా. తర్వాత ఉత్తరంవైపు మొలకెత్తి ఆగస్టు 15కి ఆరు సెంటీమీటర్లవుతుంది. రెండు నెలల్లో నీడ కుంచించుకుపోయి, ఆ పక్క మాయమై, ఈ పక్క లేస్తుంది. వారానికో కార్డు చొప్పున రాసుకుంటూ పోతే ధారావాహిక దానంతట అదే తయారవుతుంది. ఎందులోనుంచీ ఎత్తి రాయాల్సిన పని లేదు.

తిరుపతి బడులకు ఇంకో అదృష్టం ఉంది. స్వాతంత్ర్య దినం నాటికి సూర్యుడు సరిగ్గా వాళ్ల అక్షాంశం దగ్గరికి దిగి వస్తాడు. పొద్దున జెండా ఎగరేసిన ఆరు మీటర్ల కర్రకు మధ్యాహ్నం 12 గంటల 17 నిమిషాలకు నీడ నాలుగైదు సెంటీమీటర్లకు మించదు. ఆ వేళకు మిఠాయిలు పంచేసి బడి ఖాళీ అవుతుంది కాబట్టి చూసేవాళ్లు తక్కువ.

కర్ర పాతడంలో ఉంది కిటుకు

మీటరు పొడుగున్న తిన్నని గొట్టమో కర్రో చాలు. అన్నిటికంటే ముఖ్యం అది నిలువుగా ఉండడం. కర్ర ఒక్క డిగ్రీ వాలితే నీడ చివర 17 మిల్లీమీటర్లు జరుగుతుంది. మూడు నాలుగు రోజుల్లో సూర్యుడు జరిగినంత అది! కంటికి ఒక డిగ్రీ వాలు తెలియదు. నేలకు మూలమట్టం ఆనించి నిలబెట్టడమూ తప్పే, ఎందుకంటే బడి ఆవరణలో నేల నీళ్లు పోవడానికి కొంచెం వాలుగానే పోస్తారు. నేల ఎంత వాలితే కర్ర కూడా అంతే వాలుతుంది. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకునే గుండును దారంతో వేలాడదీసి, కర్రను రెండు పక్కలనుంచి, ముందునుంచీ పక్కనుంచీ, దానికి సరిచూసి బిగించాలి. కర్ర నిటారుగా ఉంటే నేల కొంచెం అటూ ఇటూ అయినా ఇంత చిన్న నీడకు పట్టింపు లేదు.

మధ్యాహ్నం ఎప్పుడన్నది గడియారాన్ని అడగకుండా నీడనే అడగవచ్చు. పదకొండు ముప్పావునుంచి పన్నెండు ముప్పావు దాకా అయిదేసి నిమిషాలకు నీడ చివర సుద్దతో గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టేటప్పుడు మసక అంచుకు నడుమ పెట్టాలి, ప్రతిసారీ ఒకే పిల్లవాడు పెడితే మరీ మంచిది. కర్ర మొదటికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న గుర్తే ఆ ఊరి మధ్యాహ్నం. ఆ గుర్తుకూ కర్రకూ నడుమ గీసిన గీత సరిగ్గా ఉత్తర దక్షిణాలు చూపిస్తుంది. ఫోనులో దిక్సూచి పెట్టుకుంటే ఇనుప జెండా గొట్టం దగ్గర అది తప్పు చూపవచ్చు. పొద్దున సూర్యుడు లేచిన వైపు మొహం పెట్టి నిలబడితే కుడిచేతివైపు దక్షిణం. ఇంతకు మించి పరికరం అవసరం లేదు. పన్నెండు అంగుళాల శంకువును పాతి దాని నీడతో దిక్కులూ కాలమూ తేల్చిన మన పాత సిద్ధాంతుల దగ్గరా ఇంతే ఉండేది.

కొలిచింది తప్పిందని ఎలా తెలుస్తుంది? సుద్ద గుర్తులన్నీ కలిపితే దాదాపు సరళరేఖలో, తూర్పు పడమరలుగా రావాలి. ఒకటి పక్కకు ఎగిరిందంటే కర్ర కదిలింది. అతి పొట్టి నీడ హైదరాబాద్‌లో 12 గంటలకే వచ్చిందంటే కర్ర తూర్పుకో పడమరకో వాలి ఉంది. వేళ సరిగ్గానే వచ్చి పొడుగు రెండు సెంటీమీటర్లు తేడా చూపిస్తే, వాలు ఉత్తర దక్షిణంగా ఉంది.

రెండు బడులు, ఒక భూమి

చివరి కార్డుకు వేరే ఊరి బడి సాయం కావాలి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే పండితుడు ఈజిప్టులో ఇదే పని చేశాడు. దక్షిణాన సైనీలో సూర్యుడు నడినెత్తిన ఉన్న రోజున, ఉత్తరాన అలెగ్జాండ్రియాలో నీడ కోణం వృత్తంలో యాభయ్యో వంతు ఉందని కొలిచాడు. రెండు ఊళ్ల దూరాన్ని యాభైతో గుణించి భూమి చుట్టుకొలత తేల్చాడు. పాఠ్యపుస్తకాల్లో ఈ కథ చదివినవాళ్లు నడినెత్తిన సూర్యుడు లేకపోతే కొలత కుదరదనుకుంటారు. కుదురుతుంది. ఎండ ఉన్న ఏ రోజైనా సరే, రెండు ఊళ్ల కోణాల తేడా ఒక్కటే కావలసింది.

ఆదిలాబాద్, తిరుపతి తీసుకుందాం. ఒకదానికొకటి దాదాపు ఉత్తర దక్షిణంగా ఉన్నాయి. జూన్ 21న ఎవరి మధ్యాహ్నానికి వాళ్లు కొలిస్తే ఆదిలాబాద్‌లో మీటరు కర్ర నీడ 6.6 సెంటీమీటర్లు, తిరుపతిలో 17.3 సెంటీమీటర్లు రావాలి. నీడ పొడుగును కర్ర పొడుగుతో భాగించి, టాంజెంట్ పట్టికలో చూస్తే కోణాలు 3.78 డిగ్రీలు, 9.81 డిగ్రీలు. తేడా 6.03. వృత్తం 360 డిగ్రీలు కాబట్టి అందులో ఇది సుమారు 60వ వంతు, ఖచ్చితంగా అంటే 59.7. అట్లాసులో స్కేలు పెట్టి చూస్తే రెండు ఊళ్ల నడుమ ఉత్తర దక్షిణంగా దూరం దాదాపు 670 కిలోమీటర్లు. రెండూ గుణిస్తే 40,000 కిలోమీటర్లు. ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత 40,008.

పిల్లల చేతిలో ఇంత ముచ్చటగా రాదు. నీడలో 3 మిల్లీమీటర్లు పొరబడితే జవాబు వెయ్యి కిలోమీటర్లకు పైగా జరుగుతుంది. ఎక్కువ బడులు బోల్తా పడేది మాత్రం దూరం దగ్గర. బస్సు దూరమో రైలు దూరమో వేస్తారు. దారి వంకర్లు తిరుగుతుంది కాబట్టి అది నేరు దూరంకంటే బాగా ఎక్కువ ఉండి భూమిని ఉబ్బిస్తుంది. ఇంకో పొరపాటు ఢిల్లీ బడితో జత కట్టినప్పుడు వస్తుంది. జూన్‌లో హైదరాబాద్ నీడ దక్షిణానికి, ఢిల్లీ నీడ ఉత్తరానికి పడతాయి. సూర్యుడు రెంటి నడుమ ఉన్నాడు కాబట్టి ఇక్కడ కోణాలను కూడాలి, తీసేయకూడదు. తీసేస్తే భూమి పది రెట్లకు పైగా పెద్దదైపోతుంది. బోర్డు మీద నీడ పొడుగుతో పాటు దిక్కు కూడా రాయమనేది అందుకే.

ఈ వరుసకు ఇంకో కార్డు కలపాలనుకుంటే నల్లగొండ దగ్గర పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అక్కడ గర్భగుడిలో పడే స్తంభం నీడ పగలంతా కదలదు. నీడ కదలాలని ఇన్ని వారాలు చూసిన పిల్లలకు అది గట్టి ప్రశ్నే. ఆ నీడ వేసేది నేరు ఎండ కాదు, మండపాల సందుల్లోంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగు. సూర్యుడు కదిలినా ఆ వెలుగు వచ్చే దారులు కదలవు. అట్టపెట్టెకు కిటికీలు కోసి, లోపల పెన్సిళ్లు నిలబెట్టి క్లబ్బు గదిలోనే చేసి చూడవచ్చు.

సైన్స్ టీచర్లకు ఒక్క మనవి. జూన్‌లో బడి తెరిచాక ఎండ కాసిన మొదటి మధ్యాహ్నం కర్ర పాతించండి. కార్డు మీద ఊరి పేరు, తేదీ, వేళ, కర్ర పొడుగు, నీడ పొడుగు, నీడ పడిన దిక్కు, కొలిచిన పిల్లల తరగతి రాయించండి. ఇక్కడ ఇచ్చిన అంకెలతో అది కలవకపోతే దిద్దకండి, అలాగే అతికించి, మర్నాడు గుండు వేసి మళ్లీ కొలిపించండి.